గాలా, నీళ్లా?

1854 ఆగస్టు చివర లండన్‌లోని సోహో ప్రాంతాన్ని కలరా చుట్టుముట్టింది. చెడు గాలే కారణమని అప్పటి వైద్యుల్లో ఎక్కువమంది నమ్మకం. డాక్టర్ జాన్ స్నోకి మాత్రం నీటిమీద అనుమానం.

మృతుల్లో ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర ఉండేవాళ్లే. రోగులందరిలో ఉమ్మడిగా ఏముందో వెతకడం సామ్య పద్ధతి. కానీ వాళ్లకు నీళ్లే కాదు, గాలీ ఉమ్మడే. దూరాన ఉన్న హాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు మరణం ఈ చిక్కు విప్పింది. ఆ పంపు నీటి రుచి ఇష్టమై ఆమె రోజూ సీసాలో తెప్పించుకునేది. అక్కడి గాలి వేరు, నీళ్లు మాత్రం అవే.

మిగతావన్నీ ఒకటై, ఒక్కటే తేడాగా ఉన్నచోట ఫలితం మారిందా అని చూడడం భేద పద్ధతి. అదే వీధిలోని బీరు తయారీశాలలో డెబ్బైమందికి పైగా పనివాళ్లున్నా ఎవరూ చనిపోలేదు. గాలి అదే, కానీ వాళ్లు ఆ పంపు నీళ్లు తాగలేదు. అయితే బీరే కాపాడిందేమో? దగ్గర్లోని పేదల వర్క్‌హౌస్ జవాబిచ్చింది. 535 మందిలో చనిపోయింది ఐదుగురే. దానికి సొంత బావి ఉంది.

సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు, కలరా తగ్గింది. దీన్ని మాత్రం గట్టి రుజువుగా తీసుకోలేం. అప్పటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి, జనం ఊరొదిలి వెళ్లారు. అక్కడ మారింది ఒక్కటి కాదు.