కూత ఆగిన చోట పాదం విరుగుతుంది

ఊరి చివర మట్టి మైదానంలో తెల్లవారుజామున సాగే కబడ్డీ సాధన వచన కవితకు చక్కగా ఒదిగే వస్తువు. ఆ ఆటకూ ఆ కవితకూ కొలత ఒకటే, ఊపిరి. కూతకు వెళ్ళినవాడు ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ ఒకే ఊపిరి మీద అవతలి కోర్టులో తిరిగి, గుక్క తిప్పుకోకముందే నడి గీతను తాకాలి. ఇప్పటి నిబంధనల్లో అతనికి దొరికేది 30 సెకన్లు. వచన కవితలో పాదం ఎంత పొడవుండాలో చెప్పే గణాలు లేవు, యతిప్రాసలు లేవు. చదివేవాడి గుక్క ఎక్కడ ఆగాలో అక్కడ పాదం విరుగుతుంది.

పద్యానికి అలవాటుపడిన తెలుగు చెవి దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కుందుర్తి ఆంజనేయులు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించి వచన కవిత కోసం ఉద్యమంలా పనిచేయవలసి వచ్చింది. ఛందస్సును వదిలేశామనుకున్నా అది తెలియకుండానే చేతిలోకి వచ్చేస్తుంది. ఈ మైదానం మీదే ఒకరు ఇలా మొదలుపెట్టారనుకుందాం:

ఊరి చివర మట్టి నేల
దుమ్ము లేచె చూడు చూడు

వినడానికి బాగానే ఉంది. లెక్కపెడితే మాత్రం ఊరి, చివర, మట్టి, నేల అన్నీ మూడేసి మాత్రల మాటలే, రెండో పాదమూ అంతే. ఇది త్రిశ్రగతిలో నడిచే పాట. పాటగా తప్పు లేదు గానీ ఆటగాడి ఊపిరి తెగిపోయే క్షణానికి ఈ నడక పనికిరాదు. ఎవరు పడినా లేచినా దరువు ఆగదు కదా. అదే దృశ్యాన్ని వచన కవితగా రాస్తే:

మసక చీకట్లో
పలుగుతో గీసిన గీత కనబడదు
పాదానికి తెలుసు
ఒకడు గీత దాటాడు
కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ
కబడ్డీ
కబ
గీతకు బెత్తెడు దూరంలో
చేయి
మీద ఏడుగురు
అందరి మీదా దుమ్ము

కూత ఉన్న పాదం పొడవుగా మొదలై, ఒక్క మాటకు, ఆపైన సగం మాటకు తగ్గింది. పట్టుబడ్డాడని కవి ఎక్కడా చెప్పలేదు, ‘కబ’ దగ్గర పాఠకుడి గొంతే ఆగింది. ‘చేయి’ ఒంటరిగా నిలవడానికీ కారణం ఉంది. ఏడుగురు మీద పడ్డాక కదలగలిగినది అదొక్కటే, దాని వేలికొస గీతకు తగిలితే ఆట తారుమారవుతుంది. పలుగు గీత కూడా అలంకారం కోసం వచ్చింది కాదు. సున్నం గీత కంటికి మాత్రమే తెలుస్తుంది, గాడిలా తవ్విన గీత ఉత్త కాలికి తగులుతుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి వాక్యానికొక పాదం చొప్పున రాస్తే లేస్తున్నారు, ఉరుకుతున్నారు, పడుతున్నారు అంటూ చివర్లన్నీ ఒకేలా మోగుతాయి. పై కవితలో పదకొండు పాదాలున్నా, ‘కనబడదు’, ‘తెలుసు’, ‘దాటాడు’ అనే మూడింటి చివరే క్రియలున్నాయి. తక్కినవి చాలావరకు చేయి, ఏడుగురు, దుమ్ము వంటి నామాల మీద ఆగాయి. చూపు కూడా అక్కడే ఆగుతుంది.

వేకువను వర్ణించేటప్పుడు సూర్యుణ్ణి ఎర్ర బంతి అనడం చాలామంది చేసే పని. దానివల్ల ఈ మైదానం గురించి కొత్తగా ఏమీ తెలియదు. అక్కడ నిలబడి చూస్తే తెలిసేది వేరు. పొద్దు పొడవకముందు దుమ్ము కంటికి పెద్దగా ఆనదు, వాసనగా ముక్కుకు, పొరగా నాలుకకు తెలుస్తుంది. పొద్దు పొడిచాక తూర్పుకు తిరిగి చూస్తే ఏటవాలు వెలుగులో రేణువులు మెరుస్తాయి, ఆటగాళ్ళు నల్లని ఆకారాలవుతారు. పడమటికి తిరిగితే అదే దుమ్ము వెలవెలబోతుంది, ముఖాలు స్పష్టమవుతాయి. కవి ఎటు తిరిగి నిలుచున్నాడో ముందే తేల్చుకోవాలి. ఒకే పాదంలో మెరిసే దుమ్మూ ఆటగాడి కళ్ళల్లో పట్టుదలా రెండూ కనిపించాయంటే, ఆ కవిత మైదానానికి వెళ్ళకుండా రాసినదేమోనన్న అనుమానం వస్తుంది.

పాదాలుగా విరిచిన వచనమంతా కవిత కాదు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. కవితను విరుపులు తీసేసి ఒకే పేరాగా రాసి, పైకి చదవాలి. ఏ తేడా తెలియకపోతే అది వచనమే, పేరాగానే ఉండనివ్వాలి. పై కవితను అలా కలిపి రాస్తే ‘కబ గీతకు’ అని రెండు మాటలు అతుక్కుపోతాయి, తెగిన కూత ఇక వినపడదు.