షాపు స్టేటస్‌లో రాకెట్ ఎందుకు ఎగిరింది?

చిత్తూరులో మా పిన్ని కొడుక్కి చిన్న మొబైల్ రిపేర్ షాపు ఉంది. పోయిన నెల వాడు ఏఐ టూల్‌తో ఒక పోస్ట్ రాయించి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. గంటలోపే పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేశాడట: "ఏందబ్బా ఇది, నీ నంబరు ఎవరన్నా హ్యాక్ చేసినారా?" వాడు పెట్టింది ఇదీ:

```
✨ మీ ఫోన్‌కు కొత్త జీవితం ఇవ్వండి! ✨
🚀 మెరుపు వేగంతో స్క్రీన్ రీప్లేస్‌మెంట్
🔋 బ్యాటరీ సమస్యలకు గుడ్‌బై
💯 నమ్మకమైన సేవ, మీ సంతృప్తే మా లక్ష్యం
```

"అన్నా, తప్పేముంది దీంట్లో?" అని నాకు పంపాడు. తప్పు లేదు. కానీ అందులో వాడి గొంతే లేదు. డబ్బులు అడిగే స్కామ్ మెసేజ్‌లూ ఇదే వేషంలో వస్తున్నాయి కాబట్టి ఆయన అనుమానం న్యాయమే.

ఈ ✨, 🚀 రెండూ 2010లో యూనికోడ్ 6.0లో చేరినవే. తర్వాత చాలా కంపెనీలు తమ ఏఐ బటన్‌కి మెరుపునే గుర్తుగా పెట్టుకున్నాయి. మోడల్స్ నేర్చుకున్న రాతల్లో స్టార్టప్ ప్రకటనలు, లాంచ్ పోస్టులు బోలెడు, వాటిలో రాకెట్ మామూలే. పైగా రెండు జవాబులు చూపించి ఏది నచ్చిందని మనుషుల్ని అడిగి మోడల్‌కి తర్ఫీదు ఇస్తారు. హుషారుగా కనిపించేదానికి ఓట్లు పడితే మోడల్ అదే అలవాటు చేసుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో మెటా లామా 4 వచ్చినప్పుడు ఇది బయటపడింది. ఎల్ఎంఅరీనా ర్యాంకింగ్‌కి పంపిన ప్రయోగాత్మక వెర్షన్ ఎమోజీలు గుప్పిస్తూ పొడుగ్గా మాట్లాడింది. జనానికి డౌన్‌లోడ్‌కి ఇచ్చిన వెర్షన్ అది కాదు.

సంఖ్య కంటే ఎమోజీ ఎక్కడ కూర్చుందో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. మెషిన్ లైన్ మొదట్లో పెడుతుంది, ఒక్కో లైన్‌కి ఒక్కటి, అదీ మాటకి బొమ్మలాగా: బ్యాటరీ అంటే 🔋. మనం వాక్యం చివర్లో పెడతాం, మాట చెప్పిన తీరు తెలియడానికి. "రేపు ఇస్తాలే 😅" అన్నప్పుడు ఆ 😅 లేకపోతే అర్థమే మారిపోతుంది. నవ్వొస్తే ఒకటితో ఆగం, 😂😂😂 కొడతాం.

సరే, ఎడిటింగ్. ముందు ఎమోజీలన్నీ తీసేయమన్నాను. మిగిలింది చదివితే అసలు సంగతి తెలిసింది: ఆ నాలుగు లైన్లలో ఒక్క వివరం లేదు. రాకెట్ ఉన్న చోట నిజానికి టైమ్ ఉండాలి. "మెరుపు వేగం అంటే ఎంతసేపురా?" అని అడిగా. "డిస్‌ప్లే స్టాక్‌లో ఉంటే నలభై నిమిషాలు. లేకుంటే చెన్నై నుంచి రావాల, రెండు రోజులు." 💯 దగ్గరా ఇదే ప్రశ్న వేస్తే, మార్చిన స్క్రీన్‌కి మూడు నెలల వారంటీ ఇస్తున్నానన్నాడు. అంత మంచి విషయం స్టేటస్‌లోనే లేదు! అప్పుడు వాడు మాట్లాడినట్టే టైప్ చేయించాను:

```
స్క్రీన్ పగిలిందా? డిస్‌ప్లే స్టాక్‌లో ఉంటే 40 నిమిషాల్లో మార్చిస్తా.
లేకుంటే చెన్నై నుంచి తెప్పించాల, 2 రోజులు.
మార్చిన స్క్రీన్‌కి 3 నెలల వారంటీ, పగిలితే మాత్రం వర్తించదు.
ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకే ఉంటా, తర్వాతొచ్చి తిట్టొద్దు 😅
```

ఒక్క ఎమోజీ మిగిలింది. అది తీసేస్తే చివరి మాట కసిరినట్టు ఉంటుంది, అందుకే ఉంచాం. అడ్రస్ ముందు 📍 పెట్టుకున్నా నష్టం లేదు, కంటికి వెంటనే దొరుకుతుంది.

ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి మీ పోస్ట్ వినండి. చూపు లేనివాళ్లు వాడే ఈ ఫీచర్ ఎమోజీల పేర్లనూ పైకి చదువుతుంది. మొదటి పోస్ట్‌లో ప్రతి లైన్‌కీ ముందు అసలు మాట రాకుండా ఒక బొమ్మ పేరు వినిపించింది, మావాడే తట్టుకోలేక ఆపేశాడు.

"ఎమోజీలు వద్దు" అని టూల్‌కే చెప్తే సరిపోదా? బొమ్మలు పోతాయి కానీ "కొత్త జీవితం ఇవ్వండి" అలాగే ఉంటుంది. ఇంకోటి, ✨ కనిపించగానే ఏఐ అని తేల్చేయకండి. ఏఐ హడావుడికి ముందే కుర్రాళ్లు వెటకారంగా మాటకి రెండు పక్కలా మెరుపులు పెట్టేవాళ్లు. రాకెట్ కూడా అంతే. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది, ప్రయోగం రోజు సూళ్లూరుపేట కుర్రాడు 🚀 పెడితే అది నిజం రాకెట్టే!

కొత్త స్టేటస్ పెట్టిన సాయంత్రం అదే కస్టమర్ మళ్లీ మెసేజ్ చేశాడు: "నా ఫోన్‌కి డిస్‌ప్లే స్టాకుండాదా?" లేదు. చెన్నై నుంచి రావాల.