పక్క సీటు స్పీకర్ ఫోన్

మాదాపూర్‌లో ఒక ఆఫీసు. గోడల్లేని హాల్లో వరసగా బల్లలు. పక్క సీటాయన రోజూ 11 గంటల కాల్‌ని స్పీకర్‌లో పెడతాడు. ఈవిడ లెక్కలు తప్పుతుంటాయి. ఏసీ హోరుకు అలవాటుపడే చెవి మాటలకు ఎందుకు అలవాటుపడదు? అర్థమయ్యే మాట వినబడితే మెదడు దాని వెంటే పోతుంది. ఫోన్లో ఒకవైపు మాటలే వినిపిస్తే ఏకాగ్రత మరింత చెదురుతుందని 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు.

చాలామంది మొదట విసుగ్గా చూస్తారు, లేదా టీమ్ గ్రూపులో 'కొందరు గమనించాలి' అని పెడతారు. గొడవ మొదలయ్యేది అక్కడే. నలుగురిలో తప్పుపడితే ఎవరైనా తమను సమర్థించుకుంటారే తప్ప మారరు.

ఆవిడ కాల్ నడుస్తుండగా ఏమీ అనలేదు. మధ్యాహ్నం టీ దగ్గర, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగింది: "అన్నా, 11 గంటల కాల్ స్పీకర్‌లో ఉంటే నాకు లెక్కలు తప్పుతున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారా? నావల్ల ఇబ్బందుంటే మీరూ చెప్పండి." 'మీరెప్పుడూ ఇంతే' అనలేదు. ఒక్క పని, ఒక్క సమయం గురించే మాట్లాడింది.

రెండు రోజులు బాగుండి మూడోరోజు స్పీకర్ మళ్లీ మోగింది. అది పంతం కాదు, అలవాటు. ఆవిడ నవ్వుతూ చెవి చూపించింది, ఆయన హెడ్‌ఫోన్స్ తీశాడు. వారమైనా మారకపోతే లీడ్‌ని సీటు మార్పు అడగాలి, ఆయన మీద ఫిర్యాదుగా కాదు.