ఆఖరి నాలుగు సెకన్లే ముందు రాయాలి

నల్లబడి, చిలుము పట్టిన ఇత్తడి బిందె. అరనిమిషం తర్వాత అదే బిందె తళతళలాడుతూ కనిపిస్తుంది. ఇలాంటి ‘ముందు–తర్వాత’ షార్టులు ఫోన్లో రోజూ ఎదురవుతూనే ఉంటాయి. తోమడం అన్నిట్లోనూ ఒకటే. అయినా కొన్నిటిని చివరిదాకా చూస్తాం, కొన్నిటిని సగంలోనే వేలితో పైకి నెట్టేస్తాం. మెరిసే బిందెను ఏ సెకనులో, ఎలా చూపించాలో తీసేవాళ్లు ముందే తేల్చుకున్నారా లేదా అన్నదాని మీదే చాలావరకు ఈ తేడా ఆధారపడుతుంది.

2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్టు మూడు నిమిషాల దాకా ఉండొచ్చు. కానీ బిందె కథకు 30 సెకన్లు చాలు. స్క్రిప్టు రాయడం మాత్రం 26వ సెకను దగ్గర మొదలుపెట్టాలి. బిందె నిండా చింతపండు గుజ్జు పూసి ఉంటుంది. పైనుంచి చెంబుతో నీళ్లు పోస్తే గుజ్జు జారిపోయి, ఒక్కసారిగా పసిడి రంగు బయటపడుతుంది. ఈ షాటు కాగితం మీద స్థిరపడ్డాకే మిగతావి రాసుకోవాలి, ఎందుకంటే మొదటి షాటు ఎలా ఉండాలో ఈ షాటే చెబుతుంది. రెండిట్లోనూ బిందె అదే చోట, అదే పరిమాణంలో, అదే వెలుతురులో ఉంటేనే చూసేవారి కన్ను మార్పును వెంటనే పట్టుకుంటుంది. అందుకే ట్రైపాడ్ కాళ్ల దగ్గర, బిందె అడుగున సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోవాలి.

ఫోన్‌ను దాని మానాన వదిలేస్తే ఇక్కడే దెబ్బతీస్తుంది. నల్లటి బిందెను చూసి వెలుగు పెంచుతుంది, మెరిసే బిందెను చూసి తగ్గిస్తుంది. మనం పడిన కష్టంలో సగం అక్కడే పోతుంది. తెర మీద వేలు కాసేపు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. రెండు షాట్లకూ మధ్య గంటలు గడిస్తే కిటికీ వెలుగు మారిపోతుంది కాబట్టి పని ఒకే పూటలో ముగించాలి.

ఇంకో చిక్కుంది. బిందెను ఒక్కసారే తోమగలం. చింతపండు తగలకముందే ‘ముందు’ షాట్లన్నీ తీసేయాలి, తర్వాత కావాలన్నా ఆ నలుపు రాదు. ముగింపు షాటుకు ఆ బెంగ లేదు. నీళ్ల ధార సరిగ్గా పడకపోతే మళ్లీ గుజ్జు పూసి మళ్లీ పోయొచ్చు. అయితే గుజ్జును ఎక్కువసేపు ఉంచకూడదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు ఎక్కువసేపు పట్టి ఉంటే పైపొరలో జింకు తగ్గి అక్కడక్కడా ఎర్రటి మచ్చలు తేలతాయి.

ఇప్పుడు మొదటికి వద్దాం. మొదటి రెండు సెకన్లు నల్లటి బిందె, దాని మీద ఒకే వాక్యం: ‘అమ్మమ్మ బిందె, ఏళ్ల తరబడి అటక మీద’. మూడో సెకనులో తడి పీచుతో ఒకచోట రుద్దితే రూపాయి బిళ్లంత మెరుపు కనిపించాలి. ఆ మెరుపే చూసేవారికి మనమిచ్చే మాట. అక్కణ్నుంచి 22వ సెకను దాకా మూతి అంచు, మెడ, నక్షీ గీతలు, అడుగు ఇలా అన్నీ దగ్గరి షాట్లే రావాలి. శుభ్రమైన బిందె మొత్తం ఒక్క ఫ్రేములోనూ కనబడకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే షార్టు అక్కడే అయిపోయినట్టు. 22 నుంచి 26 వరకు గుజ్జు కప్పిన బిందె, ఆగిపోయిన సంగీతం, ఎత్తిన చెంబు. నీళ్లు పడిన తర్వాత మూడు నాలుగు సెకన్లు బిందెను కదపకుండా చూపి ఆపేయాలి. షార్టు మళ్లీ మొదటి నుంచి ఆడుతుంది కాబట్టి నల్ల బిందె అదే చోట ప్రత్యక్షమై పోలిక తనంతట తానే పూర్తవుతుంది. ఆ చోటులో ‘లైక్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి’ అనే పలకరింపు పెడితే ఆ పోలిక చెడుతుంది. నా మటుకు అది పూర్తిగా తీసేయాల్సిందే.

అప్‌లోడ్ చేసేటప్పుడు కవర్ బొమ్మగా మెరిసే బిందెను ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఫలితం గడప దగ్గరే తెలిసిపోయాక ఎదురుచూడటానికి ఏముంటుంది? సగం తోమిన అంచును పెట్టండి.

షార్టు ఎక్కడ జారిందో యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు నిలిచిన తీరు చూపే గీత చెబుతుంది. మొదటి మూడు సెకన్లలోనే గీత పడిపోతే అది ఏ వస్తువో, ఏం కాబోతోందో అర్థం కాలేదని అనుకోవాలి. 15వ సెకను దగ్గర ఒక్కసారిగా జారితే ఆ షాటును నిలిపి చూడండి. ఎక్కువసార్లు బిందె మొత్తం మెరుస్తూ అక్కడే దొరికిపోతుంది. ఆ ఒక్క షాటు తీసేసి, తర్వాతి షార్టులో కెమెరాను ఇంకాస్త దగ్గరగా పెట్టండి.