బ్యాంకులో కట్ అయింది, బ్రోకరు దగ్గర కనబడదు

సోమవారం ఉదయం తొమ్మిదీ నలభై. ఒకాయన షేర్లు కొందామని బ్రోకరు యాప్‌లో 30,000 రూపాయలు వేశాడనుకుందాం. యూపీఐ పిన్ కొట్టగానే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, డబ్బు కట్ అయిందని. యాప్‌లో మాత్రం అందుబాటులో ఉన్న సొమ్ము సున్నా దగ్గరే ఉంది. రేటు పెరిగిపోతోందన్న ఆత్రంలో మళ్లీ 30,000 పంపాడు. ఈసారి వెంటనే కనబడింది. మరి మొదటి ముప్పై వేలు ఏమైనట్టు?

ఇది తెలియాలంటే పేమెంట్ గేట్‌వే చేసే పని తెలియాలి. మన సొమ్ము చాలాసార్లు నేరుగా బ్రోకరుకు చేరదు. గేట్‌వే నడిపే సంస్థ దాన్ని ఒక ఎస్క్రో ఖాతాలో ఉంచి, సాధారణంగా మరుసటి పనిరోజున బ్రోకరుకు జమ చేస్తుంది. అయినా క్షణాల్లో మన యాప్‌లో అంకె ఎలా మారుతుందంటే, 'ఈ ఖాతాదారు చెల్లించాడు' అని గేట్‌వే పంపే సందేశాన్ని నమ్మి బ్రోకరు ముందే లిమిట్ ఇచ్చేస్తాడు. అంటే తెరమీద వెంటనే కనిపించే అంకె ఆ సందేశం మీద ఆధారపడ్డది. అసలు సొమ్ము వెనకాల నింపాదిగా వస్తుంది.

మన ఉదాహరణలో దారి తప్పింది ఆ సందేశమే. మార్కెట్ తెరిచిన కాసేపు రద్దీ ఎక్కువ. బ్యాంకు జవాబు ఆలస్యమైనా, పిన్ కొట్టాక బ్రోకరు పేజీకి తిరిగి రాకముందే మనం తెర మూసేసినా, లావాదేవీ 'పెండింగ్'లో పడిపోవచ్చు. తర్వాత లెక్కలు సరిపోల్చుకున్నప్పుడు సొమ్ము గేట్‌వేకు చేరిందని తేలితే బ్రోకరు ఖాతాలో జమ చేస్తారు, లేదా వెనక్కి పంపుతారు. అందుకే రెండోసారి పంపినాయనకు మర్నాడు రెండు ముప్పైవేలూ కనబడినా ఆశ్చర్యం లేదు. అక్కర్లేనిది వెనక్కి తీసుకోవచ్చు కానీ, అది బ్యాంకుకు చేరేసరికి మరో రోజు పట్టవచ్చు.

ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి చూడాలి. 'ఫెయిల్డ్' అని ఉండి డబ్బు కట్ అయితే, తిప్పి ఇవ్వాల్సింది బ్యాంకు. 'సక్సెస్' అని ఉంటే బంతి గేట్‌వే, బ్రోకరు వైపు ఉన్నట్టే. అక్కడే పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌లు దాన్ని యూటీఆర్ అంటాయి, కొన్ని ఆర్‌ఆర్‌ఎన్ అంటాయి. బ్రోకరుకు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ నంబరు, తేదీ, మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ వరుస ఇస్తే చాలు. పిన్నూ ఓటీపీ అడిగేవాడు బ్రోకరు మనిషి కాడు. హెల్ప్‌లైన్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికితే ఇలాంటివాళ్లే ముందు దొరుకుతారు, నంబరు బ్రోకరు యాప్‌లోంచే తీసుకోవాలి.

గడువు సంగతికొస్తే, యూపీఐతో వ్యాపార సంస్థకు చెల్లించినప్పుడు ఖాతాలో కోత పడి అవతలివారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఇది మనకు అసలు సొమ్ము తెచ్చిపెడుతుందే గానీ, ఆ ఉదయం కొనలేకపోయిన షేరు లాభాన్ని కాదు. మార్జిన్ తగ్గి పొజిషన్ అమ్ముడైపోయే ప్రమాదంలో ఉన్నవాళ్లు చివరి నిమిషంలో గేట్‌వేను నమ్ముకోకపోవడమే మంచిది.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటుంది. డీమ్యాట్ భర్త పేరున, పంపింది భార్య ఫోన్ నుంచి. సెబీ నిబంధనల ప్రకారం బ్రోకరు ఖాతాదారు సొంత బ్యాంకు ఖాతా నుంచే సొమ్ము తీసుకోవాలి. నెట్‌బ్యాంకింగ్‌లో అయితే నమోదైన ఖాతా నంబరుతో సరిపోల్చి చాలాసార్లు అక్కడే ఆపేస్తారు. యూపీఐలో లావాదేవీ పూర్తయ్యాక పట్టుబడితే జమ చేయకుండా, వచ్చిన ఖాతాకే తిప్పి పంపుతారు. ఎంత ఎదురుచూసినా భర్త యాప్‌లో ఆ సొమ్ము కనబడదు.

సొమ్ము నిజంగానే జమైనా అంకె తక్కువ కనబడే సందర్భమూ ఉంది. అంతకుముందు బ్రోకరుకు బాకీ ఏదైనా ఉంటే, వేసినది ముందు దానికే సర్దుబాటవుతుంది. లెడ్జర్ తెరిస్తే ఇది తెలిసిపోతుంది.

బ్రోకరు తేల్చకపోతే సెబీవారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, అక్కడ జవాబుకు 21 రోజుల గడువుంది. తప్పు బ్యాంకుదైతే స్కోర్స్‌లో పని జరగదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి.