బీచ్‌లో వీడియో తీస్తే మాటకంటే గాలి హోరే ఎక్కువా? ఇలా చేసి చూడండి

విశాఖ ఆర్కే బీచ్‌లో సెల్ఫీ వీడియో తీశారు. ఇంటికొచ్చి ప్లే చేస్తే బుర్రుమనే హోరు తప్ప మాట వినపడట్లేదు. గాలి నేరుగా ఫోన్ మైక్ రంధ్రాన్ని కొట్టడమే దీనికి కారణం. చాలా ఫోన్లలో మెయిన్ మైక్ కింద, ఛార్జింగ్ పోర్ట్ పక్కనే ఉంటుంది. గాలి సముద్రం మీది నుంచి వీస్తుంటే, సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. మీ ఒళ్లే ఫోన్‌కు అడ్డుగోడ అవుతుంది. పైగా వెనకాల అలలూ ఫ్రేమ్‌లోకి వస్తాయి! కాలర్ మైక్ ఉంటే బొచ్చు తొడుగు వేయండి. స్పాంజ్ తొడుగు చిరుగాలిని మాత్రమే ఆపుతుంది.

సన్నగా 'స్‌స్‌' అని వినిపించే శబ్దం సంగతి వేరు. మాట దూరం నుంచి వస్తే ఫోన్ తనంతట తానే సౌండ్ పెంచేస్తుంది. దాంతో మైక్‌లోని హిస్ కూడా పైకి లేస్తుంది. అందుకే ఫోన్‌ను వీలైనంత దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. తర్వాత నాయిస్ రిడక్షన్ వాడొచ్చు కానీ, ఎక్కువ పెడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది.

మిగిలిన హోరుకు కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచిత యాప్ ఉంది. అందులో High-Pass Filter తీసి 100 Hz పెడితే హోరు చాలావరకు తగ్గుతుంది, మాట పెద్దగా మారదు. అయితే వేవ్‌ఫామ్ కొసలు కోసేసినట్టు చదునుగా ఉంటే మాత్రం ఆ ఆడియో పాడైనట్టే. ఏ ఫిల్టరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. అసలు షూట్‌కు ముందు పది సెకన్లు రికార్డ్ చేసి, అక్కడే ఇయర్‌ఫోన్స్‌తో వినండి.