కట్నం ఇచ్చినా కూతురి వాటా పోదు

గుంటూరులో ఓ క్రైస్తవ కుటుంబం అనుకుందాం. ఇంటిపెద్ద రిటైర్డ్ టీచరు. వీలునామా రాయకుండానే పోయాడు. ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు కలిపి 75 లక్షలు. అప్పులకు, అంత్యక్రియల ఖర్చుకు 3 లక్షలు పోగా మిగిలింది 72 లక్షలు. భార్య, చిన్నకొడుకు, కూతురు ఉన్నారు. పెద్దకొడుకు తండ్రికంటే ముందే చనిపోయాడు. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు.

ఈ పంపకం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం జరగాలి. అందులోని 33వ సెక్షన్ భార్యకు మూడో వంతు ఇస్తుంది. అంటే ఇక్కడ 24 లక్షలు. అది బతికినన్నాళ్లు అనుభవించి వదిలేసే హక్కు కాదు, పూర్తి సొంతం. మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు.

మిగతా 48 లక్షలు పిల్లలవి. కొడుకు, కూతురు అన్న తేడా లేదు కాబట్టి ముగ్గురికీ తలా 16 లక్షలు. పెద్దకొడుకు వాటా అతని పిల్లలిద్దరికీ చెరి 8 లక్షలుగా చేరుతుంది.

సాధారణంగా పేచీ కూతురి దగ్గరే మొదలవుతుంది. ‘పెళ్లికి పది లక్షలు పెట్టాం కదా, ఇంకేం వాటా?’ అంటారు అన్నదమ్ములు. చట్టం 49వ సెక్షన్ ఈ వాదనకు తావివ్వదు. తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చిన డబ్బును, ఆస్తిని వాటాలోంచి తగ్గించకూడదని అది చెబుతోంది. కొడుకు చదువుకు పెట్టిన ఖర్చుకూ ఇదే లెక్క.

ఈ సమానత్వం దేశమంతా ఒకేసారి రాలేదు. పాత తిరువాన్కూరు ప్రాంతంలో 1916 నాటి చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది మాత్రమే ఇచ్చేది. తండ్రి ఆస్తిలో వాటా కోసం మేరీ రాయ్ సుప్రీంకోర్టుకెక్కారు. 1951 నుంచే అక్కడా 1925 చట్టం వర్తిస్తుందని కోర్టు 1986లో తేల్చింది.

మళ్లీ గుంటూరుకొస్తే, పెద్దకోడలి సంగతేమిటి? మామగారి ఆస్తిలో ఆమెకు నేరుగా ఏమీ రాదు. అదే భర్త తండ్రి తర్వాత చనిపోయి ఉంటే, అప్పటికే అతనికి దక్కిన 16 లక్షల్లో మూడో వంతు ఆమెదయ్యేది. కాబట్టి ఇలాంటి కుటుంబాలు మరణ ధ్రువపత్రాల్లోని తేదీలను ముందు చూసుకోవాలి.

చనిపోయినవాడి తల్లి బతికే ఉన్నా, పిల్లలున్నప్పుడు ఆమెకూ వాటా లేదు. హిందూ వారసత్వ చట్టంలో తల్లికి భార్యాపిల్లలతో సమానంగా చోటుంది, ఇక్కడ లేదు. ఇది కఠినమే.

పిల్లలు, మనవలు ఎవరూ లేకపోతే భార్య వాటా సగానికి పెరుగుతుంది. మిగతా సగం తండ్రికి, ఆయన లేకపోతే తల్లికి, తోబుట్టువులకు వెళుతుంది. రక్తబంధువులెవరూ లేకపోతేనే మొత్తం ఆమెది.

బ్యాంకు నామినీగా ఒక్కరి పేరే ఉన్నా ఈ వాటాలు మారవు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు పంచాల్సిందే. కన్నతల్లికో, భర్త పోయిన కోడలికో ఏదైనా ఇవ్వాలనుకునే వారు ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాసిపెట్టాలి.